మనం కొంటున్నామంటే అమ్ముతున్నది ఎవరు?

2022 జులై రెండో పక్షంలో యూట్యూబ్‌లో కొన్ని వీడియోలు జోరుగా తిరిగాయి. ‘ది అడ్వైజర్’, ‘మనీవైజ్’ అనే ఛానళ్లు వాటిని పెట్టాయి. సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే కంపెనీని అదానీ గ్రూపు కొనేస్తోందని ఒకటి చెప్పింది. ఒక పెద్ద అమెరికా సంస్థ నాలుగు భక్తి సినిమాలు తీయడానికి ఆ కంపెనీతో 1,100 కోట్ల రూపాయల ఒప్పందం కుదుర్చుకుందని, పెట్టుబడి వాళ్లదే అయినా హక్కులు మాత్రం సాధనా దగ్గరే ఉంటాయని ఇంకొకటి చెప్పింది. భక్తి సినిమా మీద అమెరికావాళ్లకు అంత ప్రేమ ఎందుకు పుట్టిందో అడిగే తీరిక చూసినవాళ్లకు లేకపోయింది. కోట్ల రూపాయలు పోసి గూగుల్ ప్రకటనలతో ఆ వీడియోలను జనం ముందుకు తోశారు.

అసలు కథ వీడియోల కంటే ముందే మొదలైంది. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తన దర్యాప్తులో తేల్చిన ప్రకారం ఇది రెండు అంచెల్లో నడిచింది. మొదట ఒకరికొకరు తెలిసినవాళ్లే ఆ షేరును తమలో తాము కొంటూ, అమ్ముతూ ధరను మెల్లగా ఎక్కించారు. పెద్దగా ఎవరూ ముట్టుకోని చిన్న షేరు కాబట్టి, కొద్దిపాటి డబ్బుతోనే ధర కదులుతుంది. బయటి నుంచి చార్టు చూసేవాడికి మాత్రం రోజూ కొంత ధర, కొంత వాల్యూమ్ పెరుగుతూ, ఎవరో పెద్దవాళ్లు కొంటున్నట్టే కనిపిస్తుంది. వీడియోలు వచ్చింది ఆ తర్వాతే. వాటి పని ధరను పెంచడం ఒక్కటే కాదు. ముందే కొని పెట్టుకున్నవాళ్ల దగ్గర ఉన్న సరుకును దించుకోవడానికి కొత్త చేతులను రప్పించడం.

ఆ చేతులు ఎన్ని వచ్చాయో లెక్క ఉంది. జులై–సెప్టెంబర్ త్రైమాసికంలో ఆ కంపెనీలో చిన్న వాటాదారుల సంఖ్య 2,167 నుంచి 55,343కి పెరిగింది. సరిగ్గా అదే సమయంలో కొందరు ప్రమోటర్లు, కంపెనీ ముఖ్య అధికారులు, ఒక శాతానికి మించి వాటా ఉన్న ఇతరులు పెరిగిన ధరకు తమ షేర్లను భారీగా అమ్ముకున్నారు. 2023 మార్చిలో సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2025 మే చివర్లో వచ్చిన తుది ఉత్తర్వులో 59 మంది మీద చర్య తీసుకుని, దాదాపు 58 కోట్ల రూపాయల అక్రమ లాభాన్ని వడ్డీతో సహా కక్కించమంది. ఆ జాబితాలో బాలీవుడ్ నటుడు అర్షద్ వార్సీ, ఆయన భార్య కూడా ఉన్నారు. ఇద్దరికీ చెరో 5 లక్షల జరిమానా, ఏడాది పాటు మార్కెట్లోకి రాకూడదన్న నిషేధం పడ్డాయి. తమకు షేర్ల సంగతే తెలియదని, ఎవరో చెబితే పెట్టి నష్టపోయామని 2023లోనే ఆయన చెప్పుకొన్నారు. ‘మున్నాభాయ్’లో ఆయన వేసిన పాత్ర పేరు సర్క్యూట్. షేర్ల విషయంలోనూ అసలు గోల సర్క్యూట్‌తోనే వస్తుంది.

ఒక షేరు ఒక్క రోజులో ఇంతకు మించి పెరగకూడదు, తగ్గకూడదు అని ఎక్స్‌ఛేంజీ పెట్టే గీతే సర్క్యూట్. ఇలాంటి చిన్న షేర్లకు అది చాలాసార్లు 5 శాతమే ఉంటుంది. ఎక్కేటప్పుడు రోజూ అప్పర్ సర్క్యూట్ తగులుతుంటే, దొరకడం లేదే అనే ఆత్రం పెరుగుతుంది. ఆపరేటర్లు అమ్మి తప్పుకున్నాక బొమ్మ తిరగబడుతుంది. బ్రోకర్ యాప్‌లో మార్కెట్ డెప్త్ తెరిస్తే అమ్మేవాళ్ల వైపు లక్షల షేర్లు వరుసలో నిలబడి ఉంటాయి, కొనేవాళ్ల వైపు సున్నా. పొద్దున్నే అమ్మకం ఆర్డర్ పెట్టినా సాయంత్రానికి అది అలాగే పెండింగ్‌లో ఉంటుంది. 100 రూపాయల షేరు పది రోజులు వరసగా 5 శాతం చొప్పున పడితే 60 రూపాయల దగ్గరికి వస్తుంది, ఈలోగా ఒక్క షేరు కూడా అమ్ముడుపోకపోవచ్చు. స్టాప్‌లాస్ పెట్టుకున్నాం కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. కొనేవాడే లేనప్పుడు స్టాప్‌లాస్ ఎవరికి అమ్ముతుంది?

వీడియో చూసిన రోజే పట్టుకోగల ఆధారం ఒకటుంది. వందల కోట్ల ఒప్పందం లాంటి కీలక సమాచారాన్ని లిస్టయిన కంపెనీ ముందుగా ఎక్స్‌ఛేంజీకి చెప్పి తీరాలి. బీఎస్‌ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి కార్పొరేట్ అనౌన్స్‌మెంట్స్ చూస్తే సరిపోతుంది. యూట్యూబ్‌లో 1,100 కోట్ల కబురు ఉండి అక్కడ ఏమీ లేకపోతే ఆ కబురును నమ్మడానికి కారణం లేదు. ఆ పక్కనే కంపెనీ ఏడాది అమ్మకాలు ఎంతో కూడా కనిపిస్తాయి. షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో ప్రమోటర్ల వాటా తగ్గుతూ చిన్న వాటాదారులు ఎగబడటం ఇంకా గట్టి సాక్ష్యమే కానీ, అది మూడు నెలలకోసారి, త్రైమాసికం ముగిశాక వస్తుంది. అది చేతికొచ్చేసరికి ఆట అయిపోయి ఉండొచ్చు.

డబ్బులు తీసుకుని టెలిగ్రామ్‌లో కాల్స్ అమ్మేవాళ్లది ఇంకో దారి. ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో నడిచిన వ్యాపారం మీద 2023 అక్టోబర్‌లో సెబీ ఇచ్చిన ఉత్తర్వు ఈ దారిని బాగా చూపిస్తుంది. శిక్షణ కోర్సుల పేరుతో రిజిస్ట్రేషన్ లేకుండానే కొనండి, అమ్మండి అని సలహాలు ఇచ్చారని చెబుతూ 17.2 కోట్ల రూపాయలను స్వాధీనం చేయమంది. లాభాలు వచ్చిన రోజులను చూపించుకున్న ఆ గురువు 2021 జనవరి నుంచి 2023 జులై వరకు తన సొంత ట్రేడింగ్‌లో 2.89 కోట్లు పోగొట్టుకున్నాడని అదే ఉత్తర్వులో ఉంది. అంటే నడిచిన వ్యాపారం ట్రేడింగ్‌ది కాదు, ఫీజులది.

ఇలాంటివాళ్లు చూపించే లాభాల స్క్రీన్‌షాట్‌లో ఏముందో కంటే ఏం లేదో చూడాలి. ఒక్క రోజుది ఉంటుంది, ఏడాదిది ఉండదు. ఒకే వ్యక్తి రెండు ఖాతాల్లో ఎదురెదురు పొజిషన్లు తీసుకుంటే ఏదో ఒకటి లాభంలోనే ఉంటుంది, సాయంత్రం ఛానల్‌లోకి వచ్చేది అదే. తప్పిన కాల్ మెసేజ్‌ను మర్నాటికి తీసేయడమూ మామూలే. రిజిస్టరైన రీసెర్చ్ అనలిస్టుకు INH తో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరుకు INA తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ నంబరు ఛానల్ బయోలో కనిపిస్తే చాలదు, ఎవరిదో అతికించుకునేవాళ్లూ ఉన్నారు. sebi.gov.in లో వెతికి అక్కడున్న పేరు, ఫోను, ఈమెయిల్‌తో సరిచూడాలి. రిజిస్టరైనవాళ్లు కూడా ఇంత శాతం లాభం గ్యారంటీ అనడానికి వీల్లేదు. ‘మేము నేర్పేది చదువు మాత్రమే’ అనేవాళ్లకూ 2025 జనవరి నుంచి ఒక హద్దు ఉంది. పాఠంలో వాడే ధరలు కనీసం మూడు నెలల పాతవై ఉండాలన్నది అప్పుడు పెట్టిన నియమం. ఈ రోజు రేటు చూపిస్తూ ‘పాఠం’ చెబుతుంటే అది పాఠం కాదు.

నకిలీ ట్రేడింగ్ యాప్‌లలో షేరే ఉండదు. వాట్సాప్ గ్రూపులో ఇచ్చిన లింకుతో దించుకున్న యాప్‌లో లాభం అంకెలుగా పెరుగుతుంది, వెనక్కి తీసుకుంటామనగానే ముందు పన్ను కట్టమంటారు. డబ్బు వెళ్లే ఖాతా ఏ ట్రేడింగ్ కంపెనీదో కాక అనామక వ్యక్తి పేరునో, ఏదో ట్రేడర్స్ పేరునో ఉంటుంది. సెబీ రిజిస్టర్ చేసిన బ్రోకర్ల యూపీఐ ఐడీల్లో @ తర్వాత valid అని, దాని వెంట బ్యాంకు పేరు ఉండే పద్ధతి 2025 అక్టోబర్‌లో వచ్చింది కాబట్టి పంపే ముందు అదొక్కటి చూసుకోవచ్చు. పంపేశాక తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు మొదటి ఖాతా నుంచి రెండోదానికి, మూడోదానికి దాటకముందే బ్యాంకు ఆపగలిగితేనే వెనక్కి వచ్చే వీలుంటుంది. ఫోన్ చేసేటప్పుడు యూటీఆర్ నంబరు, పంపిన సమయం, ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోవాలి. ఆ వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వచ్చే ముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.