బోరుబావి, గొట్టపుబావి ఒకటేనా?

నల్గొండ నీటిలో ఫ్లోరైడ్‌పై ఒక సిద్ధాంత గ్రంథం ఉందనుకుందాం. మూడో అధ్యాయం మొదట్లో ‘బోరుబావి’, రెండు పేజీల తర్వాత ‘గొట్టపుబావి’, పట్టికలో ‘బోరు’ అని ఉంది. రాసినవారికి మూడూ ఒకటే. పరీక్షకుడు మాత్రం మూడు రకాల నీటి వనరులనుకుంటాడు. అందుకే ఒక పేరు ఎంచుకుని, మిగతావి వెతికి మార్చాలి. తెలుగులో మాట రూపం మారుతుంది కదా! ‘బోరుబావి’ అని వెతికితే ‘బోరుబావుల్లో’ దొరకదు. ‘బోరుబా’ వరకే టైపు చేస్తే రెండూ దొరుకుతాయి. ‘బోరు’ను ఒక్కసారిగా ‘బోరుబావి’గా మారిస్తే ‘బోరుబావిబావి’ పుడుతుంది. ఒక్కొక్కటీ చూసే మార్చాలి.

కాలం విషయంలో దొంగ దొరికేది ‘స్తాం’ దగ్గర. పరిశోధన ప్రతిపాదనలో ‘నమూనాలు సేకరిస్తాం’ అని రాసుకున్న వాక్యం అలాగే అధ్యాయంలోకి వచ్చేస్తుంది. పని అయిపోయింది కనుక అది ‘సేకరించాం’ కావాలి. ‘పట్టిక 3.2 చూపుతోంది’ మాత్రం వర్తమానంలోనే ఉండొచ్చు. పట్టిక ఇప్పటికీ కళ్లముందే ఉంది.

లీటరుకు 1 మిల్లీగ్రాము పరిమితి చెప్పేచోట ‘బీఐఎస్’ వస్తుంది. విభాగాల వరుస మార్చినప్పుడు, భారతీయ ప్రమాణాల సంస్థ అన్న పూర్తి పేరు వెనక్కి జారిపోతుంది. ‘బీఐఎస్’ అని వెతికి, మొదట దొరికినచోటే పూర్తి పేరుందో లేదో చూడాలి. ఈ తనిఖీ వరుసలు మార్చడమంతా అయ్యాకే చేయాలి.