ఒకేలా తెగిన పేర్లు, వేర్వేరు బగ్‌లు

సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ తప్పు పట్టుకుంటే దాన్ని బగ్ ట్రాకర్‌లో నమోదు చేస్తారు, దానికో నంబరు పడుతుంది. డెవలపర్ చూసి సరిచేస్తారు, లేదా తిప్పికొడతారు. తిప్పికొట్టడానికి ఎక్కువగా వాడే ముద్రల్లో ఒకటి ‘డూప్లికేట్’. ఇదే తప్పు ఇదివరకే నమోదైంది, ఇది మళ్లీ రాసిందే అని దాని అర్థం. చాలాసార్లు ఆ మాట నిజమే. నిజం కానప్పుడు మాత్రం పెద్ద చిక్కు వస్తుంది. కొత్త బగ్ మూతపడుతుంది, పాతదాన్ని సరిచేసి అదీ మూసేస్తారు, అసలు తప్పు ఎవరి జాబితాలోనూ లేకుండా జనం చేతిలోకి వెళ్లిపోతుంది.

అప్పుడు టెస్టర్ ఏం రాయాలో ఒక ఉదాహరణలో చూద్దాం. ఇది నేను కల్పించిన సందర్భమే గానీ, ఇందులోని సాంకేతిక కారణం నిజమైనది. తెలుగు పేరున్న ఎవరికైనా ఎదురుకాగలదు.

ఒక ఆసుపత్రి యాప్‌లో రోగి పేరు ఇచ్చి ఓపీ చీటీ తీసుకోవాలి. పేరు గడిలో 40 అక్షరాల వరకు కొట్టవచ్చు. కొన్నాళ్ల క్రితం పొడవైన ఇంగ్లీషు పేర్లు చీటీ మీద చివర తెగిపోతున్నాయని బగ్ 2117 నమోదైంది. ప్రింటులో పేరుకిచ్చిన చోటు ఇరుకుగా ఉండటమే కారణం. మిగిలిన పేరు రెండో వరుసలోకి వచ్చేలా డెవలపర్ మార్చారు, ఆ మార్పు బిల్డ్ 5.2లో చేరింది. అదే బిల్డ్‌ను పరీక్షిస్తూ టెస్టర్ ‘ఓపీ చీటీలో తెలుగు పేరు చివర తెగిపోతోంది’ అని బగ్ 2289 రాశారు. డెవలపర్ దాన్ని 2117కి డూప్లికేట్ అని మూసేసి, కింద ఒక మాట రాశారు: ‘తెలుగులో రామారావు అని కొట్టి చూశాను, బాగానే వచ్చింది.’

ఆయన వైపు నుంచి చూస్తే ఇది నిర్లక్ష్యం కాదు. రెండు బగ్‌ల శీర్షికలూ ఇంచుమించు ఒకటే, ఆయన ప్రయత్నించిన పేరు నిజంగానే సరిగ్గా వచ్చింది. అందుకే జవాబులో ‘సరిగ్గా చూడలేదు’ అన్న మాటకు చోటు లేదు. ఆయన చేసిన పరీక్ష ఎందుకు నెగ్గిందో కూడా ఆ జవాబే వివరించాలి. ఇలాంటి మెయిల్స్ మన ఆఫీసుల్లో సాధారణంగా ఇంగ్లీషులోనే నడుస్తాయి, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

‘నమస్కారం అండీ. 2289ని 2117కి డూప్లికేట్‌గా మూశారు. చీటీ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, అది నిజమే. కారణాలు వేరని నాకు అనిపించిన ఆధారాలు కింద ఇస్తున్నాను.

‘నేను పరీక్షించింది బిల్డ్ 5.2 మీద. మీరు 2117కి చేసిన మార్పు అందులో ఉంది, పని కూడా చేస్తోంది: 40 అక్షరాల ఇంగ్లీషు పేరు రెండు వరుసల్లో పూర్తిగా వచ్చింది. అదే బిల్డ్‌లో వెంకటేశ్వరరావు అని తెలుగులో కొడితే “వెంకటేశ్వరరావ�” అని వచ్చింది. చీటీ మీదే కాదు, ప్రింటు ఇవ్వకముందు ప్రొఫైల్ పేజీలోనూ అంతే ఉంది. డేటాబేస్‌లో చివరి గుర్తును ఇలా చూశాను:

```
SELECT HEX(RIGHT(name, 1))
FROM patients WHERE id = 5031;
```

‘కొమ్ముకు E0B181 రావాలి. వచ్చింది EFBFBD, అంటే � గుర్తే. కాబట్టి పేరు ప్రింటుకు వెళ్లేలోపే, నిల్వ చేసేటప్పుడే చెడిపోయింది.

‘రామారావు నాకూ సరిగ్గానే వచ్చింది. వెంకటేశ్వర్లు కూడా వచ్చింది. వెంకటేశ్వరరావు మాత్రం ప్రతిసారీ తెగుతోంది. సర్వర్ పేరును 40 బైట్ల దగ్గర కోస్తోందని నా అంచనా. కోడ్ నేను చూడలేదు. 2117 మార్పుతోనే ఇదీ పోతుందని మీకు అనిపిస్తే ఏ బిల్డ్‌లో చూడాలో చెప్పండి, అక్కడ సరిగ్గా వస్తే డూప్లికేట్‌గానే ఉంచుదాం. లేదంటే రీఓపెన్ చేయగలరా? శీర్షికను “13 యూనికోడ్ గుర్తులు దాటిన తెలుగు పేరు నిల్వలో చెడిపోతోంది” అని మారుస్తాను.’

ఇందులో అన్నిటికంటే బలమైన ఆధారం ఆ మూడు పేర్లు. కంప్యూటర్ లెక్కలో హల్లు, గుణింతం, సున్న, వత్తు కోసం వచ్చే పొల్లు అన్నీ విడివిడి గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు, తెలుగు గుర్తు ప్రతిదానికీ 3 బైట్లు కావాలి. రామారావులో 8 గుర్తులున్నాయి, 24 బైట్లు. వెంకటేశ్వర్లులో 13, అంటే 39 బైట్లు, గీతకు ఒక్క బైటు ఇవతల. వెంకటేశ్వరరావులో 14, అంటే 42 బైట్లు. నలభై దగ్గర కోస్తే ‘వు’లోని కొమ్ముకు మూడింట ఒక్క బైటే మిగులుతుంది. ఆ ముక్కను చదవలేక కంప్యూటర్ దాని చోట � పెడుతుంది. గడిలో 40 అక్షరాలకు మించి కొట్టనివ్వరు కాబట్టి ఇంగ్లీషు పేరు ఎప్పటికీ 40 బైట్లు దాటదు. ఇంగ్లీషు పేర్లతో ఎంత పరీక్షించినా ఈ తప్పు దొరకదు.

గీతకు ఇటొకటి, అటొకటి పేరు పెట్టి చూపించడం వల్ల డెవలపర్‌కు వెతుకులాట తగ్గుతుంది. ఏదో ఒక పొడవైన పేరు తెగిందని మాత్రమే రాస్తే అది 2117 లాగే వినిపిస్తుంది. నిజం చెప్పాలంటే 2289 మొదటి శీర్షికలో వచ్చిన లోపమూ అదే: అందులో లక్షణం ఉంది గానీ తేడా లేదు.

డూప్లికేటా కాదా అని తేల్చడానికి నాకు అన్నిటికంటే నమ్మకంగా కనిపించే ప్రశ్న, పాత మార్పు ఉన్న బిల్డ్‌లో కూడా ఇది జరుగుతోందా అన్నది. 2015లో అరబిక్ అక్షరాలున్న ఒక సందేశం వస్తే ఐఫోన్లు ఆగిపోయేవి. దాన్ని ఐఓఎస్ 8.4తో సరిచేశారు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక పద్ధతిలో కూర్చిన తెలుగు అక్షరం వస్తే ఐఓఎస్ 11లో యాప్‌లు కూలిపోయాయి. బయటికి రెండూ ఒకటే: సందేశం వస్తుంది, ఫోను పనిచేయదు. పాత మార్పు అప్పటికే ఫోన్లలో ఉన్నా తెలుగు అక్షరాన్ని అది ఆపలేకపోయింది. దానికి 11.2.6 విడిగా రావాల్సి వచ్చింది.

అయితే ఈ ప్రశ్నకూ ఒక హద్దుంది. కొత్త బిల్డ్‌లోనూ తప్పు కనిపించిందంటే పాత మార్పు సగమే పనిచేసి ఉండవచ్చు. అప్పుడు కొత్త బగ్ అక్కర్లేదు, పాతదాన్నే తిరిగి తెరవాలి. మన ఉదాహరణలో ఆ అనుమానాన్ని తీర్చింది ఇంగ్లీషు పేరు పూర్తిగా రావడం, డేటాబేస్‌లోనే కొమ్ము పోయి ఉండటం. అందుకే ఆ మెయిల్‌లో చెడిన పేరుతో పాటు బాగా వచ్చిన పేర్లూ ఉండాలి.

2289ని రీఓపెన్ చేసి, బైట్లకు బదులు గుర్తులు లెక్కపెట్టేలా కోడ్ మార్చాక వెంకటేశ్వరరావు పూర్తిగా వస్తుంది. కానీ అప్పటికే నిల్వలో చెడిపోయిన పేర్లు ఆ మార్పుతో బాగుపడవు. పోయిన గుర్తులు డేటాబేస్‌లో ఎక్కడా లేవు. అలా చెడిపోయిన రికార్డులన్నీ వెతికి తీసి, రోగులు ఇచ్చిన కాగితాలు చూసి పేర్లు మళ్లీ కొట్టాలి. ఆ పనికి ఇంకో నంబరు పడుతుంది, అది 2289కి డూప్లికేట్ కాదు.