బుగ్గచుక్క చెరగకుండా మొటిమ తీయాలంటే

పెళ్లికూతురి ఫోటో ఒకటి కంప్యూటర్‌లో తెరిచి ఉందనుకుందాం. పొద్దున నలుగు పెట్టినప్పటి పసుపు చెంపల మీద, మెడ మీద ఇంకా పూర్తిగా పోలేదు. ముహూర్తం తెల్లవారుజామున కావడంతో నిద్ర లేక కళ్ల కింద నలుపు దిగింది. కుడి బుగ్గ మీద రెండు మొటిమలు, గడ్డం పక్కన చిన్న పుట్టుమచ్చ, ఎడమ బుగ్గ మీద కాటుకతో దిద్దిన బుగ్గచుక్క ఉన్నాయి. ఫోటోషాప్ నేర్చుకోవడం మొదలుపెట్టి నెల కూడా కాని కుర్రాడు మచ్చలు తీసే బ్రష్ పట్టుకుని ముఖమంతా శుభ్రం చేశాడు. మొటిమలు పోయాయి. పుట్టుమచ్చ పోయింది. బుగ్గచుక్కా పోయింది. Ctrl+S కొట్టి ఫైలు మూసేశాడు.

ఆ బ్రష్‌కు మొటిమకూ బుగ్గచుక్కకూ తేడా తెలియదు. చుట్టూ ఉన్న చర్మం కంటే రంగు మారిన చోటు ఎక్కడున్నా దానికి ఒకటే. తేడా తెలియాల్సింది మనిషికి. ఆ మనిషి కొత్తవాడైనప్పుడు పొరపాటు ఎలాగూ జరుగుతుంది కాబట్టి, జరిగినా అసలు ఫోటోకు దెబ్బ తగలని పద్ధతిలో పని చేయడం ముందు నేర్చుకోవాలి. లేయర్లు ఉన్నది అందుకే.

పాత స్టూడియోల్లోనూ ఈ సమస్య ఉండేది. నెగెటివ్ మీద ప్రత్యేకమైన వార్నిష్ లాంటిది రాసి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది గీతలు, గుంటలు నింపేవారు. పెన్సిల్ పని నచ్చకపోతే తుడిచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. నల్లగా ఉన్న చోట్లను చిన్న కత్తితో గీరి పలచన చేసే పని మాత్రం వేరు. గీరిన పొర తిరిగి రాదు. ఫోటోషాప్ 1990లో వచ్చినప్పుడు అందులో చేసే పని దాదాపు కత్తి పనే. లేయర్లు 1994లో వచ్చిన 3.0తోనూ, అడ్జస్ట్‌మెంట్ లేయర్లు 1996లో వచ్చిన 4.0తోనూ చేరాయి. ఒకటి కంటే ఎక్కువ అడుగులు వెనక్కి వెళ్లే సౌకర్యం 1998లో 5.0 వచ్చేదాకా లేదు. ఇవాళ్టికీ ఆ హిస్టరీ ఫైలు తెరిచి ఉన్నంతసేపే. మూస్తే పోతుంది. Ctrl+Z మీద నమ్మకం పెట్టుకున్న కుర్రాడు మర్నాడు పొద్దున చిక్కుల్లో పడేది అందుకే.

లేయర్ అంటే ఫోటో మీద పరిచిన గాజు పలక అనుకోవచ్చు. దాని మీద వేసిన రంగు కింది బొమ్మను కప్పుతుంది, తాకదు. పలక తీసేస్తే కింద ఫోటో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అడ్జస్ట్‌మెంట్ లేయర్ రంగు కళ్లద్దం లాంటిది. దాని మీద బొమ్మేమీ ఉండదు. "కింద ఉన్నదాన్ని ఇంత వెలుగుగా చూపించు", "పసుపు ఇంత తగ్గించు" అన్న సూచన మాత్రమే ఉంటుంది. ఆ అంకె వారం తర్వాత కూడా మార్చుకోవచ్చు. దానికి అంటుకుని వచ్చే తెల్లటి పెట్టె మాస్క్. మాస్క్‌లో తెల్లగా ఉన్న చోట ఆ సూచన పనిచేస్తుంది, నల్లగా ఉన్న చోట పనిచేయదు, బూడిద రంగున్న చోట కొంతే పనిచేస్తుంది.

ఇప్పుడు అదే పెళ్లికూతురి ఫోటోతో మొదటినుంచి వద్దాం.

ఫోటో తెరవగానే, బ్రష్ పట్టుకోకముందే, దాన్ని PSDగా వేరే పేరుతో సేవ్ చేసుకోవాలి. కెమెరా ఇచ్చిన JPEG ఇక పక్కన ఉంటుంది, దాని జోలికి ఎవరూ వెళ్లరు. తర్వాత Ctrl+Shift+Nతో ఖాళీ లేయర్ ఒకటి తీసి "మొటిమలు" అని పేరు పెట్టాలి. పేరు పెట్టడం చాదస్తంలా అనిపించవచ్చు కానీ పది లేయర్లయ్యాక Layer 7లో ఏముందో ఎవరికీ గుర్తుండదు.

Spot Healing Brush తీసుకుని, పైన కనిపించే పట్టీలో Sample All Layers దగ్గర టిక్ పెట్టాలి. ఈ టిక్ మరిచిపోతే ఎంత రుద్దినా మొటిమ కదలదు, ఎందుకంటే ఖాళీ లేయర్‌లో అరువు తెచ్చుకోవడానికి చర్మమే లేదు. బ్రష్ సైజు మొటిమ కంటే కాస్త పెద్దదిగా ఉంటే చాలు. ఒక్కో మొటిమకు ఒక్కో క్లిక్ ఇవ్వాలి, బ్రష్‌ను ఈడ్చకూడదు. ఈడిస్తే చర్మరంధ్రాల వరుస చెదిరి, అక్కడ తడిచేత్తో తుడిచినట్టు మసకబారుతుంది.

పొరపాటున బుగ్గచుక్క మీద కూడా క్లిక్ పడిందనుకోండి. ఎరేజర్ తీసుకుని, "మొటిమలు" లేయర్ మీదే ఆ చోట రుద్దితే సరి. పైన అతికిన చర్మపు ముక్క పోయి, కింద కాటుకచుక్క అలాగే కనిపిస్తుంది. పుట్టుమచ్చ సంగతీ అంతే. మొటిమ వారంలో పోయేది, పుట్టుమచ్చ ఆమెతో పుట్టింది. ఆమె అడిగితే తప్ప దాన్ని తీయకూడదు. "తీసేయమ్మంటారా, ఉంచమంటారా?" అని ఒక్క మాట అడగడం ఏ టూల్ నేర్చుకోవడం కంటే ముందు రావాలి.

కళ్ల కింది నలుపుకు మచ్చలు తీసే బ్రష్ వాడటం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. అక్కడున్నది మచ్చ కాదు, వెలుగు తక్కువ కావడం. చర్మం అరువు తెచ్చి అతికిస్తే కంటి కింది సహజమైన మడత కూడా పోయి కన్ను ముఖం మీద అంటించినట్టు ఉంటుంది. ఇక్కడ కావాల్సింది Curves అనే అడ్జస్ట్‌మెంట్ లేయర్. దాని గీత మధ్యలో పట్టుకుని కొంచెం పైకి లాగితే ఫోటో మొత్తం వెలుగెక్కుతుంది. కంగారు పడనక్కర్లేదు. Ctrl+I నొక్కితే మాస్క్ నల్లగా మారి ఆ వెలుగంతా దాక్కుంటుంది. ఇప్పుడు అంచులు మెత్తగా ఉన్న తెల్ల బ్రష్ తీసుకుని, Flow 10 శాతం లోపు పెట్టుకుని, కంటి కింద మెల్లగా నాలుగైదు సార్లు పూయాలి. ఎక్కడ పూస్తే అక్కడే వెలుగు వస్తుంది. ఎక్కువైతే X నొక్కి నల్ల రంగుకు మారి వెనక్కి పూసుకోవచ్చు. సగం నలుపు తగ్గితే చాలు. పూర్తిగా తీసేస్తే, తెల్లవారుజామున పీటల మీద కూర్చున్న అమ్మాయి ముఖంలా ఉండదు.

పసుపు విషయం ఇంకా సున్నితం. Hue/Saturation అడ్జస్ట్‌మెంట్ లేయర్ తెరిచి, Master ఉన్న చోట Yellows ఎంచుకుని, Saturation 20 దాకా తగ్గిస్తే మెడ మీది పచ్చదనం దిగుతుంది. దానితోపాటు కాసులపేరు వెలవెలబోతుంది, మధుపర్కాల పసుపు అంచు సున్నం కొట్టినట్టవుతుంది, జడలో చామంతులు వాడిపోతాయి. వాటిలో ఉన్నదీ పసుపే మరి. కాబట్టి ఇక్కడా మాస్క్‌ను నల్లగా తిప్పి, మెడ మీద, చెంపల మీద మాత్రమే తెల్ల బ్రష్‌తో పూయాలి. ఒక జాగ్రత్త ఉంది. మన చర్మంలో సహజంగానే పసుపు ఛాయ ఉంటుంది. మరీ తగ్గిస్తే ముఖం బూడిద పూసినట్టు పాలిపోతుంది. మెడను, పసుపు అంటని ముంజేతిని పక్కపక్కన చూస్తూ తగ్గిస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

ఇంతవరకూ సాఫీగా సాగిన పని ఒకచోట అడ్డం తిరుగుతుంది. కళ్లు, పసుపు అయ్యాక, కంటి కింద మొదట చూడని చిన్న పొక్కు ఒకటి కనబడుతుంది. "మొటిమలు" లేయర్‌కు తిరిగి వెళ్లి క్లిక్ చేస్తారు. పొక్కు పోతుంది కానీ ఆ చోట చుట్టుపక్కల కంటే తెల్లటి మరక తేలుతుంది. బ్రష్ పాడైందేమోనని మళ్లీ మళ్లీ క్లిక్ చేస్తే మరక ఇంకా తెల్లబడుతుంది.

బ్రష్ బాగానే ఉంది. Sample All Layers అంటే పైనున్న Curves వెలుగుతో కలిపి కనిపిస్తున్న చర్మాన్ని తీసుకోమని. అలా వెలుగెక్కిన చర్మాన్ని తెచ్చి Curvesకు కింద ఉన్న లేయర్‌లో పెట్టింది. దాని మీద Curves ఇంకోసారి పనిచేసింది. ఒకే వెలుగు రెండుసార్లు పడిందన్నమాట. అడ్జస్ట్‌మెంట్ లేయర్ల పక్కనున్న కన్ను గుర్తు నొక్కి కాసేపు ఆపి, పొక్కు తీసి, మళ్లీ వెలిగిస్తే మరక రాదు. లేదా Spot బదులు మామూలు Healing Brush తీసుకుని, Sample దగ్గర Current & Below పెట్టుకోవచ్చు. అందులో Alt నొక్కి మంచి చర్మం ఎక్కడుందో మనమే చూపించాలి. అసలు మచ్చల పని మొత్తం ముగించి, ఆ తర్వాతే వెలుగు, రంగుల జోలికి వెళ్లే అలవాటుంటే ఈ చిక్కు చాలావరకు రాదు.

లేయర్లు తీర్చలేని లోపాలూ ఉన్నాయి. ఫ్లాష్ పడి ముక్కు మీద జిడ్డు మెరిసి, ఆ చోటు పూర్తిగా తెల్లబడి ఉంటే, అక్కడ చర్మం తాలూకు సమాచారమేదీ ఫైల్లో మిగలదు. Curves ఎంత కిందికి లాగినా బూడిద రంగు మరక వస్తుందే తప్ప చర్మం రాదు. దానికి మందు ఫోటో తీసేటప్పుడు ముఖం అద్దడానికి ఒక టిష్యూ అందించడమే.

పని అయ్యిందో లేదో చూడటానికి Alt నొక్కి Background లేయర్ కన్ను మీద క్లిక్ చేయాలి. మిగతావన్నీ ఆగిపోయి అసలు ఫోటో కనబడుతుంది, మళ్లీ నొక్కితే కొత్తది. తెరకు సరిపడా ముఖమంతా కనిపించే సైజులో చూడాలి. 300 శాతం పెద్దది చేసుకుని కూర్చుంటే ప్రతి రంధ్రమూ లోపంలాగే కనిపిస్తుంది, చివరికి ముఖం ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది. ఎక్కువైందనిపిస్తే ఆ లేయర్ Opacity 70 శాతానికి దించితే సరిపోతుంది. ఏదీ మొదటినుంచి చేయనక్కర్లేదు.

ఫోటోషాప్ లేనివాళ్లు బ్రౌజర్‌లో నడిచే ఫోటోపీలో ఇదే సాధన చేయవచ్చు. అది PSD ఫైళ్లను తెరుస్తుంది, అడ్జస్ట్‌మెంట్ లేయర్లూ మాస్కులూ అందులో ఉన్నాయి, డబ్బు కట్టనక్కర్లేదు.

ఆల్బమ్‌కు పంపేటప్పుడు మాత్రం Flatten Image నొక్కి, అదే ఫైలు మీద సేవ్ చేయకండి. లేయర్లన్నీ కలిసిపోయి, ఇంతసేపు కాపాడుకున్నదంతా ఒక్క క్షణంలో పోతుంది. Save a Copy తో JPEG వేరుగా తీసి పంపండి, PSDని అలాగే ఉంచండి. ఆల్బమ్ చూసిన పెళ్లికూతురు "గడ్డం మీద మచ్చ కూడా తీసేయండి" అంటే, ఆ ఫైలు తెరిచి ఒక్క క్లిక్ ఇస్తే సరిపోతుంది.