ఎవరి ముందు కూర్చుంటే ఎన్ని మార్కులు?

ఎస్తర్ అనేది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో ఇంగ్లిష్ మాట్లాడే భాగాన్ని పరిశీలించిన ఆనీ బ్రౌన్ అనే పరిశోధకురాలు ఆమెకు పెట్టిన మారుపేరది. ఎస్తర్ ఇద్దరు పరీక్షకులతో వేర్వేరుగా మాట్లాడింది. మొదటి పరీక్షకురాలు బడిలో టీచరులా అడిగింది. ఏ విషయం గురించి మాట్లాడాలో ముందే చెప్పి, ‘దాని గురించి ఇంకొంచెం చెప్పు’ అంటూ దారి చూపింది. రెండో ఆయన స్నేహితుడితో కబుర్లాడినట్టు మాట్లాడాడు. ప్రశ్న అడగకుండా ఏదో ఒక మాట అనేసి ఊరుకునేవాడు. అది తనను మాట్లాడమన్నట్టని ఎస్తర్‌కు తోచలేదు. మధ్యలో మౌనం పెరిగింది. ఆ రెండు సంభాషణలూ విని మార్కులు వేసినవాళ్లు మొదటిదాంట్లో ఆమెను చొరవగా మాట్లాడే అమ్మాయిగా, రెండోదాంట్లో నోరు విప్పని అమ్మాయిగా లెక్కగట్టారు. 2003లో ‘లాంగ్వేజ్ టెస్టింగ్’ పత్రికలో వచ్చిన ఈ అధ్యయనం, మాట్లాడే పరీక్షలో వచ్చే మార్కు ఒక్క విద్యార్థిదే కాదని తేల్చింది. ఎదురుగా కూర్చున్నవాళ్లకూ అందులో వాటా ఉంటుంది.

ఆ సంభాషణలు ఐఈఎల్‌టీఎస్ పాత పద్ధతిలో జరిగినవి. 2001లో ఆ పరీక్షను మార్చి, పరీక్షకులు ఏ మాటలతో అడగాలో చాలావరకు ముందే రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. అంత పెద్ద పరీక్షకే ఆ అవసరం వచ్చినప్పుడు, నలభై మంది పిల్లలకు ఒక్క టీచరు నోటి పరీక్ష పెట్టే మన తరగతి గదుల సంగతి చెప్పేదేముంది? తెలంగాణలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరానికి 2023-24 నుంచి ఇంగ్లిష్ ప్రాక్టికల్స్ వచ్చాయి. వాటికి 20 మార్కులు. పరీక్ష పెట్టాలన్న నిర్ణయం పైనుంచి వస్తుంది. దాన్ని నలభై మందికీ ఒకేలా నడపాల్సిన పని మాత్రం టీచరు మీద పడుతుంది.

అది ఎలా నడపవచ్చో ఒక తొమ్మిదో తరగతిని ఊహించుకుని చూద్దాం. పిల్లలు 40 మంది, పీరియడు 45 నిమిషాలు, టీచరు ఒక్కరే.

ముందు ప్రశ్న సంగతి. ‘నా జీవిత లక్ష్యం’ గురించి ఒక నిమిషం మాట్లాడమంటే సగం తరగతి గైడులోని పది వాక్యాలు ఒప్పజెబుతుంది. అప్పుడు కొలిచేది జ్ఞాపకశక్తిని. ‘కాలుష్యం’ అంటే సైన్సు బాగా వచ్చినవాడిది పైచేయి. ‘మీరు చేసిన విహారయాత్ర’ అంటే ఊరు దాటని పిల్ల దగ్గర చెప్పడానికేమీ ఉండదు. చెప్పాల్సిన సమాచారం పిల్లలిద్దరి చేతుల్లో ఉండి, ఒకరిది ఇంకొకరికి అవసరమైతే ఈ చిక్కులు చాలావరకు తప్పుతాయి.

ఉదాహరణకు ఇద్దరికీ చెరొక కార్డు ఇస్తారు. మొదటి అమ్మాయి కార్డులో ఇలా ఉంటుంది: ‘మీ అమ్మమ్మను ఉదయం 10 గంటలకల్లా పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బస్సు ఎప్పుడుందో, ఎంతసేపు పడుతుందో, టికెట్ ఎంతో కనుక్కో. ఏ బస్సెక్కుతావో చెప్పు.’ రెండో అబ్బాయి బస్టాండు ఎంక్వైరీలో కూర్చున్నట్టు. అతని కార్డులో 7:15, 8:40, 9:30 బస్సులు, గంట ప్రయాణం, పల్లెవెలుగుకు 45 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌కు 60 రూపాయలు అని ఉంటుంది. 9:30 బస్సు ఎక్కితే ఆలస్యమైపోతుంది. ఆ సంగతి అడిగితే తప్ప తెలియదు. దీనికి బట్టీ పనికిరాదు. ఇది ముగిశాక, ప్రదర్శన టికెట్ల గురించో గ్రంథాలయం వేళల గురించో ఇంకో జత కార్డులతో పాత్రలు మారతాయి. దాంతో ఇద్దరికీ ఒకసారి అడిగే వంతు, ఒకసారి చెప్పే వంతు వస్తాయి.

కార్డు తెలుగులోనే ఉండాలి. ఇంగ్లిష్ పరీక్షలో తెలుగు కార్డా అని కొందరు టీచర్లు ముఖం చిట్లిస్తారు. కార్డు ఇంగ్లిష్‌లో ఉంటే పిల్లవాడు దానిలోని వాక్యాన్నే పైకి చదివేస్తాడు, లేదంటే చదవడం రాక మాట్లాడే మార్కూ పోగొట్టుకుంటాడు. మాట్లాడటాన్ని కొలవాలనుకున్నప్పుడు చదవడం అడ్డు రాకూడదు.

సమయం లెక్క కూడా ముందే వేసుకోవాలి. పలకరింపుకు అర నిమిషం, దానికి మార్కుల్లేవు. కార్డు చదివి ఆలోచించుకోవడానికి ఒక నిమిషం. ఒక్కో సంభాషణకు రెండేసి నిమిషాలు. మార్కులు వేసి తరవాతి జంటను పిలవడానికి ఒకటిన్నర నిమిషం. మొత్తం ఏడు నిమిషాలు. పీరియడుకు ఆరు జంటలు పడతాయి. మూడు పీరియడ్లలో పద్దెనిమిది జంటలు అయిపోతాయి, మిగిలిన రెండు జంటలూ ఆ రోజు రానివాళ్లూ నాలుగో పీరియడుకు. మార్కులు వేయడానికి సమయం కేటాయించకపోతే టీచరు పిల్లలు మాట్లాడుతుండగానే రాస్తూ సగం వినరు. లేదా సాయంత్రం గుర్తున్నంత వరకు వేస్తారు.

బయటికొచ్చిన జంట వరండాలో నిలబడ్డ జంటకు కార్డులో ఏముందో చెప్పకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అందుకే ఒకే పొడవున్న, అంతే సంఖ్యలో వివరాలున్న కార్డుల జతలు నాలుగైదు ఉండాలి. అవి నిజంగా సమానమో కాదో పక్క సెక్షన్ పిల్లలతో ఒకసారి ఆడించి చూస్తేనే తెలుస్తుంది. ఒక కార్డుకు అందరూ తడబడితే మార్చాల్సింది కార్డునే.

ఇక మార్కుల పట్టిక, టీచర్ల భాషలో రూబ్రిక్. నాలుగు వరుసలు చాలు: పని అయిందా, విన్నవాళ్లకు అర్థమైందా, మాటలూ వాక్యాలూ ఎంతవరకు ఉన్నాయి, ఎదుటివారితో కలిసి మాట్లాడారా. ఒక్కో దానికి 5, మొత్తం 20. అయిదు మెట్లకూ వివరణ రాయబోతే నాలుగుకూ మూడుకూ తేడా మాటల్లో దొరకదు. కేంబ్రిడ్జి పరీక్షల మార్కుల పట్టికలు కొన్నిటిలో 5, 3, 1 లకే వివరణ ఉంటుంది, మధ్యవి రెండు వైపుల లక్షణాలూ కలిసినవాటికి. తరగతి గదికి ఆ పద్ధతి బాగా సరిపోతుంది. ‘అర్థమైందా’ అనే వరుసను ఇలా రాసుకోవచ్చు: ఒక్కసారి వింటే చాలు అనిపిస్తే 5, రెండు మూడు చోట్ల మళ్లీ అడగాల్సివస్తే 3, విడి మాటలు తప్ప మిగతాది అందకపోతే 1. ‘స్కూల్’ను ‘ఇస్కూల్’ అన్నంత మాత్రాన ఇక్కడ మార్కు తగ్గదు, ఎందుకంటే అందరికీ అర్థమవుతుంది. యాసను కొలిచే వరుస ఈ పట్టికలో లేదు.

ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని చూద్దాం. అమ్మాయి ఇలా అంది: ‘బస్ వాట్ టైమ్ కమ్? ఐ గో హాస్పిటల్, టెన్ ఓ క్లాక్. నైన్ థర్టీ బస్, లేట్? ఓకే, ఎయిట్ ఫార్టీ, టూ టికెట్, హౌ మచ్?’ వాక్యాలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, అందుకని వాక్యాల వరుసలో 2. కానీ 9:30 బస్సు పనికిరాదని కనిపెట్టింది, సరైన బస్సు ఎంచుకుంది, ధర అడిగింది. ఎంతసేపు పడుతుందో నేరుగా అడగలేదు గనుక పనికి 4. అర్థం కావడానికి 4, కలిసి మాట్లాడినందుకు 5. మొత్తం 15. తరవాత వచ్చిన అబ్బాయి చక్కటి ఉచ్చారణతో తనను పరిచయం చేసుకుని, అమ్మమ్మ మీద నాలుగు శుద్ధమైన వాక్యాలు చెప్పాడు. బస్సు వేళ ఒక్కటే అడిగి, జవాబు వినకుండానే ‘థాంక్యూ’ అన్నాడు. వాక్యాలకు 4, అర్థం కావడానికి 5, పనికి 1, కలిసి మాట్లాడటానికి 1. మొత్తం 11.

ఈ లెక్క చూసి ‘అబ్బాయి ఇంగ్లిషే కదా బాగుంది’ అనే టీచర్లు తప్పక ఉంటారు. బాగానే ఉంది, దానికి రెండు వరుసల్లో కలిపి తొమ్మిది మార్కులొచ్చాయి. మిగిలినవి అతను చేయని పనికి పోయాయి. టీచరుకు వాక్యాలే ముఖ్యమైతే ఆ వరుసకు 10 పెట్టి, ఆ సంగతి పిల్లలకు పరీక్షకు రెండు వారాల ముందే చెప్పవచ్చు. పరీక్ష మధ్యలో మనసు మార్చుకుంటేనే అన్యాయం.

అన్నిటికన్నా కష్టమైనది టీచరు నోరు. రోజూ పిల్లవాడు తడబడితే మాట అందించడం టీచరు పని. పరీక్షలో అదే పని పొరపాటవుతుంది. పైగా ఆ సాయం అందరికీ సమానంగా అందదు. చురుకైన పిల్ల ఆగితే ఆలోచిస్తోందనుకుంటారు, మెతక పిల్లవాడు ఆగితే రాదనుకుని అందిస్తారు. అమెరికాలో మేరీ బడ్ రోవ్ తరగతి గదుల్ని గమనించి, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల పొడవే పెరుగుతోందని డెబ్బైల్లోనే చూపించారు. పరాయి భాషలో మాట వెతుక్కునేవాడికి ఇంకాస్త కావాలి. మనసులో అయిదు లెక్కపెట్టుకోవడం తేలికైన ఉపాయం.

అప్పటికీ పలకకపోతే ప్రశ్నను అవే మాటల్లో ఒక్కసారి మళ్లీ చెప్పాలి. ఆ తరవాత కాగితం మీద ముందే రాసుకున్న తేలిక ప్రశ్న అడగాలి. అంతటితో ఆపి తరవాతి దానికి వెళ్లాలి. ఒకరికి మూడు అవకాశాలు, ఇంకొకరికి ఒకటి అన్నది ఉండకూడదు. ‘వెరీ గుడ్’ కూడా వద్దు. అది విన్న పిల్ల ధైర్యంగా ముందుకెళుతుంది, వినని పిల్ల తప్పు చెప్పాననుకుని ముడుచుకుపోతుంది. అందరికీ ‘థాంక్యూ’ ఒక్కటే. జంటలో ఒకరే మాట్లాడేస్తుంటే ‘ఇప్పుడు నువ్వు అడుగు’ అన్న ఒక్క వాక్యాన్ని కాగితం మీద ఉంచుకుని, ప్రతి జంటకూ అదే వాడాలి. ఎంత చేసినా జోడీ ప్రభావం పూర్తిగా పోదు. బిడియస్తుడికి గట్టివాడు జోడీ అయితే కొంత నష్టం ఉండనే ఉంటుంది. నత్తి ఉన్న పిల్లలకైతే గడియారం చూడకుండా అదనపు సమయం ఇవ్వాలి.

రోల్ నంబరు ప్రకారం కాకుండా చీటీలు తీసి పిలవడంలో ఇంకో లాభం ఉంది. అలా పిలిచినప్పుడు మొదటి పీరియడు సగటు, మూడో పీరియడు సగటు దగ్గరదగ్గరగా ఉండాలి. మూడో దాంట్లో మార్కులు బాగా పెరిగితే కార్డులు బయటికి పొక్కాయేమో చూడాలి. తగ్గితే టీచరు అలసిపోయారేమో. చేతిలో ఉన్నది పన్నెండేసి మంది పిల్లలే గనుక కొద్దిపాటి తేడాకు కంగారు పడనక్కర్లేదు. పిల్లల్లో చాలామందికి నాలుగు వరుసల్లోనూ ఒకే అంకె పడితే, వరుసలను విడివిడిగా చూడలేదని, క్లాసు ఫస్టు అనో అల్లరివాడనో ఉన్న అభిప్రాయమే నాలుగుసార్లు రాశారని అర్థం. ఒక గుణం చూసి మిగతావీ అలాగే అనుకునే ఈ అలవాటు గురించి థార్న్‌డైక్ 1920లోనే రాశాడు. ఆయన చూసింది సైనికాధికారులకు పై అధికారులు వేసిన అంకెల్ని.

బడి అనుమతితో ప్రతి సంభాషణనూ ఫోనులో రికార్డు చేసి పెట్టుకుంటే, వారం తరవాత ఏవో అయిదింటిని పాత మార్కులు చూడకుండా మళ్లీ దిద్దవచ్చు. పక్క టీచరు చేత దిద్దించడం ఇంకా మేలు. ఏ వరుసలోనైనా ఒకటి కన్నా ఎక్కువ తేడా వస్తే సగటు తీసి సరిపెట్టకూడదు. ఆ వరుసలో ఏ మాటను ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకున్నారో చూసి దాన్ని తిరగరాయాలి. రికార్డింగు వింటున్నప్పుడు టీచరు తన గొంతు ఎన్ని సెకన్లు వినిపించిందో కూడా లెక్కపెట్టాలి. నాలుగు నిమిషాల సంభాషణలో అది ఒక నిమిషం దాటిందంటే, ఆ జంట మార్కుల్లో కొన్ని టీచరువే.