కేకు కుంగిందా? మధ్యకు కోసి చూడండి

మధ్యలో గుంట పడ్డ కేకు ఫోటో నలుగురికి పంపితే నాలుగు జవాబులు వస్తాయి. ఓవెన్ తలుపు మధ్యలో తీసి ఉంటావని ఒకరు, సోడా ఎక్కువైందని ఇంకొకరు, గుడ్డు వేయకపోతే అంతేనని మరొకరు అంటారు. వీటిలో ఏదో ఒకటి నిజం కావచ్చు. అది ఏదో పైనుంచి తీసిన ఫోటో చూసి చెప్పడం మాత్రం కుదరదు. ఒకదానికొకటి సంబంధం లేని తప్పులు కూడా పైకి ఒకే గుంటలా కనిపిస్తాయి. తేడా తెలిసేది లోపలే. కేకును సరిగ్గా మధ్యకు కోసి, కోసిన వైపు ఫోటో తీస్తే కారణం చాలావరకు అందులోనే దొరుకుతుంది.

కూలేది మధ్యభాగమే, ఎందుకని?

కలిపిన పిండి ఓవెన్‌లోకి వెళ్ళాక లోపల రెండు పనులు ఒకేసారి సాగుతాయి. వంట సోడా, బేకింగ్ పౌడర్ల నుంచి పుట్టిన వాయువు, దానితోపాటు నీటి ఆవిరి, పిండిలోని చిన్న చిన్న బుడగలను ఉబ్బిస్తాయి. కేకు పొంగేది అందుకే. మరోపక్క వేడికి మైదా తడిని పీల్చుకుని బిగుస్తుంది, గుడ్డు వేస్తే అదీ గట్టిపడుతుంది. అలా బుడగల చుట్టూ గోడలు నిలబడతాయి.

టిన్నుకు ఆనుకుని ఉన్న అంచులకు వేడి ముందు తగులుతుంది కాబట్టి అవి త్వరగా గట్టిపడతాయి. మధ్యభాగానికి వేడి చేరేది అందరికన్నా ఆఖరున. ఆ గోడలు నిలబడేలోపే బుడగలు మితిమీరి ఉబ్బి పగిలిపోతే మధ్యభాగం కూలుతుంది. గోడలు ఇంకా మెత్తగా ఉండగానే కేకును బయటికి తీసినా కూలుతుంది. మొదటిది వాయువు ఎక్కువవడం, రెండోది ఉడకడం చాలకపోవడం. కోసిన ముక్కలో ఈ రెండూ పూర్తిగా వేరుగా కనిపిస్తాయి.

ఒక పెరుగు కేకు కథ

మా వదిన పంపిన ఫోటోనే తీసుకుందాం. గుడ్డు లేని పెరుగు కేకు అది. ఒకటిన్నర కప్పు మైదా, కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార, అరకప్పు నూనె, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడర్, అర టీస్పూను వంట సోడా. ఓటీజీలో 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు ఉంచారు. పై భాగం ముదురు గోధుమ రంగులో ఉంది, మధ్యలో వేలెడు వెడల్పున గుంట ఉంది. "సోడా ఎక్కువైనట్టుంది, ఈసారి తగ్గించేస్తాను" అన్నారు ఆవిడ.

కొలతలు చూస్తే సోడా మీద అనుమానం నిలవదు. కప్పు మైదాకు పావు టీస్పూను సోడా గానీ, సుమారు ఒక టీస్పూను బేకింగ్ పౌడర్ గానీ మామూలు లెక్క. ఇందులో రెండూ ఉన్నాయి నిజమే, కానీ కప్పు పెరుగులోని పులుపును సరిచేయడానికే అర టీస్పూను సోడా సరిపోతుంది. ఈ కేకుకు అది మితిమీరిన పాళ్ళు కాదు. "వదినా, సగానికి కోసి, ఆ కోసిన వైపు ఫోటో పంపండి" అన్నాను.

రెండో ఫోటోలో సంగతంతా ఉంది. రెండు అంచుల దగ్గరా కేకు చక్కగా గుల్లగా ఉంది. చిల్లులు చిన్నవి, అన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నాయి. మధ్యకు వచ్చేసరికి మాత్రం అడుగు నుంచి గుంట దాకా పసుపు రంగు తడి ముద్ద. ఒక్క చిల్లు లేదు, హల్వా ముక్కలా నిగనిగలాడుతోంది. ఎక్కడిదాకా ఉడికిందో, ఎక్కడినుంచి పచ్చిగా ఉందో గీత గీసినట్టు తెలుస్తోంది. మధ్యభాగం ఉడకలేదు, అంతే. అంచుల దగ్గర పొంగు బాగుంది కాబట్టి సోడా, బేకింగ్ పౌడర్ తమ పని తాము చేశాయి.

మరి 35 నిమిషాలు ఎందుకు చాలలేదు? దానికి ఫోటో జవాబు చెప్పదు, అడిగి తెలుసుకోవాల్సిందే. "రెసిపీలో ఏ టిన్ను చెప్పారు, మీరు ఏది వాడారు?" అని అడిగాను. రెసిపీలో ఏడంగుళాలది, ఆవిడ వాడింది ఆరంగుళాలది. తేడా అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ గుండ్రటి టిన్నులో వెడల్పు అంగుళం తగ్గితే అదే పిండి మూడో వంతుకు పైగా ఎత్తు పెరుగుతుంది. ఎత్తు పెరిగితే మధ్యకు వేడి చేరడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. పైగా ఎత్తయిన కేకు ఓటీజీ పై రాడ్డుకు దగ్గరవుతుంది. అందుకే పైన రంగు త్వరగా వచ్చేసింది, ఆ రంగు చూసి ఉడికిందనుకుని తీసేశారు.

"పుల్ల గుచ్చితే పొడిగానే వచ్చిందే!" అన్నారు. ఎక్కడ గుచ్చారని అడిగితే, మధ్యలో పగులు పడుతుందని కొంచెం పక్కగా గుచ్చానన్నారు. ఆ పక్క భాగం ఉడికింది కాబట్టి పుల్ల అబద్ధం చెప్పలేదు. గుచ్చాల్సింది సరిగ్గా మధ్యలో, అడుగుదాకా. వంటకు వాడే సూది థర్మామీటర్ ఉంటే ఇంకా నయం. మధ్యలో 96 నుంచి 98 డిగ్రీలు చూపిస్తే ఇలాంటి కేకు ఉడికినట్టే.

తర్వాతిసారి వదిన టిన్ను ఒక్కటే మార్చారు. అదే పిండి, అవే కొలతలు, అదే వేడి. ఏడంగుళాల టిన్నులో కేకు మధ్యదాకా గుల్లగా వచ్చింది. ఆరంగుళాల టిన్నే ఉన్నవాళ్ళు పిండిలో సుమారు ముప్పావు వంతే అందులో పోసి, మిగిలింది చిన్న కప్పుల్లో వేసుకోవచ్చు. మొత్తం అందులోనే పోయాలనుకుంటే వేడి 160కి తగ్గించి, టిన్నును కింది అరలో పెట్టి, ఎక్కువసేపు ఉంచాలి. పైన రంగు వచ్చాక అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పితే మాడదు.

సోడా ఎక్కువైతే ఎలా ఉంటుంది?

వదిన అనుమానించినట్టు నిజంగా సోడానే ఎక్కువై ఉంటే ముక్క మరోలా ఉండేది. తడి ముద్ద కనిపించదు, కేకు మధ్యదాకా ఉడికే ఉంటుంది. కానీ చిల్లులు పెద్దవిగా, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎగుడుదిగుడుగా ఉంటాయి. ముట్టుకుంటే రాలిపోతుంది. చాలాసార్లు పిండి ముందు టిన్ను అంచు దాటి పొంగి, తర్వాత కుంగుతుంది. కాబట్టి టిన్ను బయట కారిన మరకలు కూడా ఫోటోలో ఒక సాక్ష్యమే. లోపలి రంగు ఉండాల్సిన దానికన్నా ముదురుగా ఉంటుంది, క్షారం పెరిగితే రంగు తిరగడం వేగవంతమవుతుంది. ఫోటోకు అందని రుజువు ఇంకొకటుంది. నోట్లో పెట్టుకుంటే సబ్బు రుచి తగులుతుంది.

ఈ తప్పు ఎక్కువగా చెంచా దగ్గర జరుగుతుంది. రెసిపీలో టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు. మన వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు, పైగా తలకొట్టకుండా గుప్పగా తీస్తే దాదాపు రెట్టింపు పడుతుంది. బేకింగ్ పౌడర్ బదులు అంతే కొలతలో వంట సోడా వేయడం ఇంకో పొరపాటు. సోడా బలం పౌడర్ కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ.

గుంట లేదు, కానీ గట్టిగా ఉంది

కొన్ని కేకులు కుంగవు, అసలు పొంగనే పొంగవు. పైభాగం చదునుగా ఉంటుంది. కోస్తే పైనుంచి అడుగుదాకా ఒకే రకంగా బిగుసుకుని ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది వాయువు ఎటు పోయిందన్నది. బేకింగ్ పౌడర్ పాతబడిందా అన్నది ముందు తేల్చుకోవాలి. అర టీస్పూను పౌడర్ మీద వేడి నీళ్ళు పోస్తే వెంటనే బుసబుసా నురగ రావాలి. సోడా అయితే నిమ్మరసం పోసి చూడాలి. రెండూ బాగానే ఉంటే, పిండి కలిపాక ఓవెన్ వేడెక్కేదాకా ఆపారేమో గుర్తు తెచ్చుకోవాలి. పెరుగు తగలగానే సోడా పని మొదలుపెడుతుంది. ఆగినకొద్దీ ఆ వాయువు గిన్నెలోంచే పోతుంది. ఓవెన్ ముందు వేడి చేసి, ఆ తర్వాతే తడి పిండినీ పొడి పిండినీ కలపాలి.

ముక్కలో నిలువుగా పొడవాటి సొరంగాలు కనిపించి, నమిలితే సాగితే మాత్రం తప్పు కలపడంలో ఉంది. మైదా తడిశాక ఎక్కువసేపు గిలక్కొడితే జిగురు బలపడుతుంది. పొడి పిండి కనిపించకుండా పోగానే ఆపేయాలి.

బ్రెడ్డుకూ ఇదే పద్ధతి

బ్రెడ్డులో వాయువు ఈస్ట్ నుంచి నెమ్మదిగా వస్తుంది కాబట్టి అక్కడ ప్రశ్న ముఖ్యంగా పిండి పొంగిన సమయం గురించే. ముక్క బిగుసుకుని, అక్కడక్కడ ఒకటి రెండు పెద్ద చిల్లులుండి, బ్రెడ్డు పక్కన పగులు పడితే పిండి పొంగడానికి ఇంకాస్త సమయం ఇవ్వాల్సింది. పైభాగం చదునైపోయి, ముడతలు పడి, పైపొర కింద పెద్ద చిల్లులుంటే ఎక్కువసేపు పొంగనిచ్చారని అర్థం. ఎక్కడా పొంగిన జాడే లేకపోతే ఈస్ట్ పాతదైనా అయ్యుండాలి, మరీ వేడి నీళ్ళకు చచ్చిపోయైనా ఉండాలి. 60 డిగ్రీల నీళ్ళలో ఈస్ట్ బతకదు.

మే నెలలో విజయవాడ వంటింట్లో రెసిపీలోని "గంట" పనికిరాదు. ఆ వేడికి పిండి చాలా ముందే పొంగిపోతుంది. గడియారం వదిలేసి పిండిని వేలితో నొక్కి చూడాలి. గుంట నెమ్మదిగా, సగమే పైకి లేస్తే ఓవెన్‌లో పెట్టే సమయమైంది. ఠక్కున లేచిపోతే ఇంకా ఆగాలి. అసలు లేవకపోతే ఆలస్యమైనట్టు.

పనికొచ్చే ఫోటో ఏది?

ఎవరినైనా సలహా అడిగేటప్పుడు మూడు ఫోటోలు పంపండి. ఒకటి కేకు ఎత్తు తెలిసేలా పక్కనుంచి, పక్కన టిన్ను కూడా పెట్టి తీసింది. రెండోది సరిగ్గా మధ్యకు కోసిన ముక్క, కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీసింది. ఫ్లాష్ వేస్తే ఉడికిన కేకు కూడా తడిగా మెరుస్తుంది. మూడోది అడుగుభాగం. కేకు గానీ బ్రెడ్డు గానీ పూర్తిగా చల్లారాకే కోయాలి, వేడిగా కోస్తే బాగా ఉడికినది కూడా బంకగా కనిపించి దారి తప్పిస్తుంది.

ఫోటోలతోపాటు కొలతలు, టిన్ను సైజు, ఏ అరలో పెట్టారు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు, తలుపు ఎప్పుడు తీశారు అన్నవి రాయండి. మధ్యలో పచ్చిగా ఉందని ఫోటో చెబుతుంది. తలుపు తెరిచినందుకా, ఓవెన్ డయల్ చూపేంత వేడి నిజంగా లేనందుకా, టిన్ను చిన్నదైనందుకా అన్నది ఈ వివరాల్లోనే తేలుతుంది. కారణం తేలాక ఆ ఒక్కటే మార్చి మళ్ళీ చేయండి. సోడా తగ్గించి, వేడి పెంచి, టిన్ను మార్చి చేస్తే కేకు బాగా వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు, మరోసారి కుంగితే మళ్ళీ మొదటి నుంచి వెతకాలి.