బ్రెజిల్‌లో ఒక రాత్రి చలి, నా టేబుల్ మీద ఒక ఫైలు

పాడేరు ఏజెన్సీలో పనిచేసిన రోజుల్లో ఒక కాఫీ రైతు నన్ను అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. బ్రెజిల్‌లో మంచు పడి రేటు పెరిగిందని ఆయనకు ఎవరో వ్యాపారి చెప్పాడు. "మంచు మాకూ పడతాది గదా బాబూ. చింతపల్లిలో, లంబసింగిలో ఎంత చలో నువ్వూ చూసినావు. మా మంచుకి పెరగని రేటు ఎక్కడో మంచుకి ఎందుకు పెరుగుతాది?" అన్నాడు. నేను ఎంబీఏ చదివినవాణ్ణి. డిమాండు, సప్లయి అంటూ ఏదో చెప్పాను. ఆయన మర్యాదగా తలూపి, పాస్‌బుక్ తీసుకుని వెళ్లిపోయాడు.

అసలు జవాబు నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, 2021 జూలైలో. అప్పుడు నేను కర్ణాటకలో, కాఫీ ఎగుమతిదారుల ఖాతాలు చూసే క్రెడిట్ విభాగంలో ఉన్నాను.

ముందు ధర ఎక్కడ పుడుతుందో చూద్దాం. మనం తాగే పొడి ధర వేరు, వేయించని పచ్చి గింజ ధర వేరు. ప్రపంచ వాణిజ్యమంతా పచ్చి గింజతోనే సాగుతుంది. అరబికా రకానికి న్యూయార్క్ ఫ్యూచర్స్ మార్కెట్టు, రోబస్టాకు లండన్ మార్కెట్టు ఆధారం. న్యూయార్క్‌లో ఒక లాటు అంటే 37,500 పౌన్లు, అంటే సుమారు 17 టన్నులు. ధర పౌనుకు ఇన్ని సెంట్లు అని చెబుతారు. ఒక్క సెంటు మారితే లాటుకు 375 డాలర్లు మారినట్టు. మన ఎగుమతిదారు యూరప్ కొనుగోలుదారుతో ఒప్పందం రాసుకునేటప్పుడు చాలాసార్లు పూర్తి ధర రాయడు. "న్యూయార్క్ ధరకు ఇన్ని సెంట్లు ఎక్కువ" అనో, "తక్కువ" అనో తేడా మాత్రమే రాస్తాడు. ఆ తేడా గింజ నాణ్యతను, మూలాన్ని బట్టి ఉంటుంది. అసలు అంకె తర్వాత, సరుకు ఓడ ఎక్కే లోపు ఒక రోజు ఖరారవుతుంది. అందుకే పాడేరులో పార్చ్‌మెంట్ ధరకైనా, చిక్కమగళూరులో బస్తా ధరకైనా వేరు న్యూయార్క్‌లోనే ఉంటుంది. అక్కడి ధరను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది బ్రెజిల్. ప్రపంచపు కాఫీలో మూడో వంతు దాకా పండించేది ఆ ఒక్క దేశమే.

2021 జూలై 20, మంగళవారం. దక్షిణ మినాస్ జెరైస్ రాష్ట్రంలో తెల్లవారేసరికి కాఫీ తోటల మీద తెల్లటి పొర పరుచుకుంది. తెలుగులో మనం పొగమంచునీ, కురిసే మంచునీ, ఆకు మీది మంచుబిందువునీ అన్నిటినీ మంచే అంటాం. ఇది అవేవీ కాదు. దీన్ని ఫ్రాస్ట్ అనే అంటాను. ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. చల్లని గాలి బరువుగా ఉంటుంది కనుక నీళ్లలాగే పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. ఆకు ఉష్ణోగ్రత సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగువకు పోతే లోపలి కణాల్లో నీరు గడ్డకట్టి కణం పగులుతుంది. రెండు మూడు రోజుల్లో ఆకు నిప్పు తగిలినట్టు గోధుమరంగుకు మారుతుంది.

మన ఏజెన్సీలో అంత చలిలోనూ కాఫీ ఎందుకు నిలుస్తుందంటే, చాలావరకు అది సిల్వర్ ఓక్ నీడలో, కొండ వాలులో పెరుగుతుంది. పైనున్న కొమ్మలు దుప్పటిలా పనిచేసి నేల వేడిని కొంత ఆపుతాయి. బ్రెజిల్ తోటలు ఎక్కువగా నీడ లేని బయలు తోటలు. యంత్రాలతో కోయడానికి వీలుగా వరసలు వేసి ఉంటాయి. ఆ రైతుకు నేను చెప్పాల్సిన జవాబులో మొదటి సగం ఇది.

రెండో సగం ఇంకొంచెం తికమకగా ఉంటుంది. బ్రెజిల్‌లో కోత మే నుంచి సెప్టెంబరు దాకా నడుస్తుంది. జూలై 20 నాటికి చాలా పండు కోసేశారు, మిగిలినది కూడా పండిపోయింది. అంటే ఆ రాత్రి చలికి ఆ ఏటి పంట పెద్దగా పోలేదు. గోదాముల్లోని గింజల్లో ఒక్కటీ తగ్గలేదు. మరి ధర ఎందుకు లేచింది? కాఫీ చెట్టు కిందటి ఏడాది పెరిగిన కొమ్మ మీద పూస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాన పడగానే పూత వస్తుంది, ఆ పూతే మరుసటి ఏటి పంట. ఫ్రాస్ట్ కాల్చేసింది ఆ పూత రావాల్సిన కొమ్మలను. కొసలు మాత్రమే మాడితే కత్తిరిస్తే సరిపోతుంది, కొంత పంట పోతుంది. కొమ్మలన్నీ మాడితే మొదలు దగ్గర నరికి కొత్త చిగురు రానివ్వాలి, రెండేళ్లు పంట ఉండదు. మొదలే చస్తే కొత్త మొక్క నాటి మూడు నాలుగేళ్లు ఆగాలి. మార్కెట్టు ఆ రోజు ధర కట్టింది 2022కి, ఆ తర్వాతి పంటలకు.

దీనికి తోడు ఎంత నష్టం జరిగిందో వెంటనే ఎవరికీ తెలియదు. ఆకు మాడితే కంటికి కనిపిస్తుంది కానీ, కొమ్మ బతికిందో లేదో తేలేది వారాల తర్వాత, అసలు లెక్క తేలేది పూత తర్వాత. ధర మాత్రం అంతవరకు ఆగదు. అటు తాగేవాళ్లు ధర పెరిగిందని కాఫీ మానరు, ఇటు పండించేవాళ్లు ధర పెరిగిందని రేపటికి ఎక్కువ పండించలేరు. రెండు వైపులా బిగుసుకున్న చోట కొద్దిపాటి కొరత భయానికే ధర చాలా దూరం పరుగెత్తాల్సివస్తుంది. 1975 జూలై 18 ఫ్రాస్ట్ పరానా రాష్ట్రపు తోటలను ఎంతగా చంపిందంటే, మరుసటి ఏడాది అక్కడ పంట దాదాపు సున్నా. అప్పటికి డాలరు లోపు ఉన్న ధర 1977లో మూడు డాలర్లు దాటింది. బ్రెజిల్ కాఫీ సాగు ఉత్తరానికి, మినాస్ జెరైస్ వైపు జరిగింది ఆ దెబ్బతోనే. మార్కెట్టు పాత వ్యాపారులు ఆ ఏడాదిని ఇప్పటికీ తలుచుకుంటారు.

కరువు తీరు వేరు. అది ఒక్క రాత్రిలో రాదు, వారాల తరబడి కళ్లముందే నడుస్తుంది. ధర కూడా మెట్లు మెట్లుగా ఎక్కుతుంది, ఒక వాన సూచన వస్తే ఒక మెట్టు దిగుతుంది. బ్రెజిల్‌లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో వాన లేకపోతే పండు లోపల గింజ నిండదు. చెట్టు మీద కాయ బాగానే కనిపిస్తుంది, కోసి ఎండబెట్టాకే తూకంలో మోసం బయటపడుతుంది. 2014లో అలాగే జరిగింది. 2024లో బ్రెజిల్‌లోనూ, రోబస్టాకు పెద్ద దిక్కైన వియత్నాంలోనూ వానలు దెబ్బతీశాయి. లండన్‌లో రోబస్టా టన్ను 5,000 డాలర్లు దాటింది. న్యూయార్క్ ధర ఆ డిసెంబరులో 1977 రికార్డును దాటి, 2025 ఫిబ్రవరిలో నాలుగు డాలర్లకు పైన నిలిచింది.

ఇక నా ఫైలు సంగతి. మా ఖాతాదారుడు ఒక మధ్యస్థాయి ఎగుమతిదారు. 170 టన్నుల అరబికా అతని గోదాములో ఉంది, ఇంచుమించు తొమ్మిది కంటైనర్లు. రైతులకు డబ్బు ఇచ్చేశాడు, కొనుగోలుదారుతో ధర మాత్రం ఇంకా ఖరారు కాలేదు. ఈ మధ్యలో ధర పడిపోతే మునిగిపోతాడు కనుక న్యూయార్క్‌లో పది లాట్ల ఫ్యూచర్స్ 1.55 డాలర్ల దగ్గర అమ్మి పెట్టుకున్నాడు. ధర తగ్గితే సరుకులో పోయింది ఫ్యూచర్స్‌లో వస్తుంది, పెరిగితే ఫ్యూచర్స్‌లో పోయింది సరుకులో వస్తుంది. పద్ధతిగా చేసిన హెడ్జింగే.

ఫ్రాస్ట్ పడిన రెండు రోజులకే, గురువారం, ధర 1.90 దాటింది. ఇక్కడే చిక్కు. ఫ్యూచర్స్‌లో వచ్చిన నష్టాన్ని మార్జిన్‌గా రోజుకారోజు నగదులో కట్టాలి. సరుకులో వచ్చిన లాభం చేతికందేది సరుకు అమ్మి, ఓడ ఎక్కించి, డబ్బు వచ్చాక. ధర 50 సెంట్లు పెరిగితే పది లాట్ల మీద 1,87,500 డాలర్లు, అప్పటి మారకంలో దాదాపు కోటీ నలభై లక్షల రూపాయలు. చేతిలో ఉన్నదంతా కట్టేసి, గురువారం సాయంత్రం అతను కోటిన్నర అడ్‌హాక్ లిమిట్ కోసం మా దగ్గరకు వచ్చాడు. "సరుకుంది, లాభముంది, డబ్బే లేదు" అన్నాడు.

నేను శుక్రవారం ఫైలు మీద ఒక ప్రశ్న రాశాను: "ధర పెరుగుతున్నప్పుడు స్టాకు విలువ పెరుగుతుంది కదా, అదనపు నిధులు ఎందుకు? ఇది స్పెక్యులేషన్ కాదని తెలియజేయగలరు." అప్పట్లో నాకు అది చాలా పదునైన ప్రశ్నలా తోచింది. మరునాడు నాలుగో శనివారం, తర్వాత ఆదివారం. సోమవారం, 26వ తేదీన ధర రెండు డాలర్లు దాటింది. మార్జిన్ అందకపోవడంతో ఆ రాత్రి బ్రోకరు ఐదు లాట్లు మూసేశాడు. పౌనుకు 45 సెంట్ల చొప్పున 84,375 డాలర్లు, సుమారు 63 లక్షలు, నష్టంగా ఖరారైపోయాయి.

ఆగస్టు మొదటి వారానికి భయం కొంత తగ్గి ధర 1.75 దగ్గరకు వచ్చింది. ఆ ఐదు లాట్లు అలాగే ఉండి ఉంటే అందులో 35 లక్షల దాకా తిరిగి వచ్చేవి. అవి లేవు. సగం సరుకుకు కాపు లేకుండా పోయింది, కొనుగోలుదారు ఆ తగ్గిన ధరకే ఖరారు చేశాడు. డిసెంబరుకు ధర మళ్లీ 2.40 దాటిందని కొందరు అంటారు. నిజమే, కానీ అప్పటికి అతని గోదాములో ఆ గింజ లేదు. అప్పు ఎగ్గొట్టలేదు. ఇంటి స్థలం ఒకటి అమ్మి ఖాతా సరిచేశాడని తర్వాత తెలిసింది.

ఇప్పుడు కాఫీ ఎగుమతి ఫైలు వస్తే స్టాకు స్టేట్‌మెంటు, ఫ్యూచర్స్ పొజిషన్ స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టి చూస్తాను. అమ్మిన లాట్లు చేతిలో ఉన్న, ధర ఖరారు కాని సరుకుకు సరిపోవాలి. 170 టన్నుల సరుకుకు పది లాట్లుంటే అది హెడ్జింగ్, ఇరవై ఉంటే అందులో సగం జూదం. నా పాత ప్రశ్నకు జవాబు ఐదు నిమిషాల్లో ఆ రెండు కాగితాల్లోనే దొరికి ఉండేది. రెండోది, ప్యాకింగ్ క్రెడిట్ లిమిట్ మంజూరు చేసేటప్పుడే, ధర 50 సెంట్లు ఎగిరితే ఎంత మార్జిన్ కావాలో లెక్కగట్టి, దానికి విడిగా ఒక సబ్‌లిమిట్ ప్రతిపాదిస్తాను. పై అధికారులు కొన్నిసార్లు తగ్గిస్తారు, కొన్నిసార్లు ఒప్పుకుంటారు. జూన్ మొదలయ్యే లోపు ఈ పని ముగించాలని చూస్తాను, ఎందుకంటే ఆగస్టు చివరి దాకా మినాస్ జెరైస్‌లో చలికాలం.

పాడేరు రైతు మళ్లీ కనిపించలేదు. కనిపిస్తే సిల్వర్ ఓక్ నీడ దగ్గర మొదలుపెడతాను.