మరపు మొదలయ్యే ముందే పలకరిద్దాం

జర్మనీలో నర్సుగా ఉద్యోగం చేయాలంటే ముందు జర్మన్ భాషా పరీక్ష గట్టెక్కాలి. అందుకోసం ఇక్కడ చదువుకుంటున్న చాలామందిని ఇబ్బంది పెట్టేవి పదాలే. ఆదివారం కూర్చుని వంద పదాలు వల్లె వేస్తే సాయంత్రానికి అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. మళ్లీ ఆదివారం వచ్చేసరికి సగం కూడా గుర్తుండవు. దీనికి జ్ఞాపకశక్తిని నిందించనక్కర్లేదు. ఆ పదాలను మళ్లీ ఎప్పుడు చూశాం అన్నదే అసలు విషయం.

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల వరుసలను కంఠస్థం చేసి, కొంత వ్యవధి తర్వాత వాటిని మళ్లీ నేర్చుకోవడానికి ఎంత సమయం పడుతుందో తన మీదే పరీక్షించుకున్నాడు. ఫలితాలను 1885లో ప్రచురించాడు. ఒక్క రోజు గడిస్తే, మొదటిసారి పట్టిన సమయంలో సుమారు మూడో వంతు మాత్రమే ఆదా అయింది. నెల గడిచాక ఆదా అయిదో వంతు దగ్గర నిలిచింది. అంటే మరపు మొదటి గంటల్లో జోరుగా సాగి, తర్వాత నెమ్మదిస్తుంది.

స్పేస్డ్ రిపిటిషన్ పద్ధతి ఈ తీరును ఆధారం చేసుకున్నదే. పదం జారిపోబోయే సమయంలో దాన్ని కష్టపడి గుర్తు తెచ్చుకుంటే అది మరింత గట్టిపడుతుంది, తర్వాతి మరపు ఇంకా ఆలస్యమవుతుంది. కాబట్టి గుర్తొచ్చిన ప్రతిసారీ ఎడం పెంచుకుంటూ పోవచ్చు. ఎడం మరీ తక్కువైతే శ్రమ లేకుండా గుర్తొస్తుంది కనుక లాభం కొద్దిగానే ఉంటుంది. మరీ ఎక్కువైతే మొదటి నుంచి నేర్చుకోవాలి.

1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ దీన్ని అయిదు అరల పెట్టెగా మార్చి ప్రచారంలోకి తెచ్చాడు. కార్డు సరిగ్గా చెబితే తర్వాతి అరలోకి వెళ్తుంది, తప్పితే మొదటి అరకు వస్తుంది. అదే సూత్రాన్ని తేదీలతో ఇంకా సులువుగా అమలు చేయవచ్చు. చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకుని, 1 నుంచి 31 వరకు అంకెలు వేసిన అట్టలను అడ్డుగా పెట్టండి. కార్డు ముందు తెలుగు అర్థం, వెనుక జర్మన్ పదం రాయండి. మూలన పెన్సిల్‌తో మెట్టు సంఖ్య వేయండి. మెట్లు అయిదు: 1, 3, 7, 14, 30 రోజులు. ఏ కార్డు ఏ తేదీన చూడాలో ఆ అట్ట వెనుక పెట్టండి.

ఒక కార్డు ప్రయాణం చూద్దాం. జూన్ 1న ‘తాళంచెవి’ అని రాసి, వెనుక ‘డెర్ ష్ల్యూసెల్’ అని రాశారు. జర్మన్‌లో పదంతోపాటు లింగం కూడా నేర్చుకోవాలి కనుక ‘డెర్’ తప్పనిసరి. 2న సరిగ్గా చెప్పారు, కార్డు 5కు వెళ్లింది. 5నా చెప్పారు, 12కు వెళ్లింది. 12న గుర్తు రాలేదు. మళ్లీ మొదటి మెట్టుకు దించి 13లో పెట్టారు. ఆ తర్వాత తప్పకుండా చెబుతూ వస్తే 16, 23, జూలై 7, చివరగా ఆగస్టు 6. అప్పుడూ వస్తే ఆ కార్డు పెట్టె నుంచి బయటికి వెళ్లవచ్చు.

రోజుకు పది కొత్త కార్డులు చేరిస్తే, రెండు నెలలకు అయిదు మెట్ల నుంచీ రోజూ పదేసి చొప్పున యాభై కార్డులు వస్తాయి, తప్పినవి అదనం. కార్డుకు పది సెకన్లనుకుంటే పది నిమిషాల పైన పని. మొదటి వారం తేలిగ్గా ఉందని రోజుకు ముప్పై చేరిస్తే, రెండు నెలలకు నూటయాభై మీదపడతాయి. పద్ధతిని మధ్యలో వదిలేయడానికి ఎక్కువగా ఇదే కారణం. కొన్ని రోజులు తప్పిపోతే పాత బకాయి తీరేదాకా కొత్తవి ఆపండి.

లెక్క సరిగ్గా ఉందో లేదో చూడటం సులువు. పదింటిలో ఎనిమిదో తొమ్మిదో వస్తుంటే సరే. ఆరుకు పడితే కొత్తవి తగ్గించాలి. ఒకే కార్డు పదేపదే మొదటి మెట్టుకు వస్తుంటే తప్పు కార్డుదే. వంటగది ‘క్యూషె’, కేకు ‘కూహెన్’ ఒకేసారి నేర్చుకుంటే ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఒకదాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, రెండోదానికి చిన్న వాక్యం జోడించండి. ఇంకో ప్రమాదం, గుర్తు రాకముందే కార్డు తిప్పేసి ‘ఆఁ, నాకు తెలిసిందే’ అనుకోవడం. ముందు జవాబు గట్టిగా చెప్పండి, తర్వాతే తిప్పండి.

ఆంకీ లాంటి యాప్‌లు ఈ తేదీలను వాటంతటవే లెక్కిస్తాయి. ఏది వాడినా, వేగంగా మాట్లాడే మనిషి మాటను పట్టుకోవడం కార్డుల వల్ల రాదు, దానికి వినడం, మాట్లాడటం కావాలి. పదాల మట్టుకు ఈ రోజే పది కార్డులు రాసి, రేపటి తేదీ వెనుక పెట్టండి.